దసరా వాటా, దీపావళి బోనస్: ఒక గని కార్మిక కుటుంబం రెండేళ్ల లెక్క

బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత, గోదావరిఖని ప్రాంతంలో గని కార్మిక కుటుంబాలకు అప్పుల విషయంలో, ఇంటి జమాఖర్చుల విషయంలో సలహా ఇస్తున్నాను. నా దగ్గరకు ఎక్కువ మంది వచ్చేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే, ఎందుకంటే సింగరేణి ఉద్యోగికి సంవత్సరం మొత్తంలో పెద్ద మొత్తాలు చేతికి వచ్చేది ఆ కాలంలోనే. దసరాకు ముందు సంస్థ లాభాల్లో వాటా వస్తుంది, దీపావళికి ముందు పీఎల్ఆర్ అనే పనితీరు బోనస్ వస్తుంది. 2024–25 ఆర్థిక సంవత్సరానికి లాభాల్లో 34 శాతాన్ని, అంటే 819 కోట్ల రూపాయలను, కార్మికులకు పంచగా సగటున ఒక్కొక్కరికి 1,95,610 రూపాయలు వచ్చాయని ప్రకటించారు. అదే సంవత్సరం పీఎల్ఆర్ బోనస్ 1,03,000 రూపాయలు. కాంట్రాక్టు కార్మికునికి లాభాల నుంచి ఇచ్చినది 5,500 రూపాయలు మాత్రమే కాబట్టి, ఇక్కడ రాస్తున్న లెక్క పర్మనెంటు ఉద్యోగి ఇంటి లెక్క అని ముందే చెప్పడం న్యాయం.

ఈ కేసును ఎంచుకోవడానికి కారణం, మొదటి సంవత్సరం నేను ఇచ్చిన సలహా కాగితం మీద సరైనదే అయినా ఆ ఇంట్లో అది అయిదు నెలలు కూడా నిలవలేదు. రెండో సంవత్సరం ఎందుకు నిలుస్తోందో చెప్పాలంటే మొదటిది ఎక్కడ దెబ్బతిన్నదో విప్పి చూడక తప్పదు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, అంకెలను కూడా చాలా చోట్ల దగ్గరి వెయ్యికి సర్దాను.

కుటుంబం, 2024 సెప్టెంబరు నాటి అప్పులు

ఈ ఇంటి కార్మికుని వయసు అప్పటికి నలభై ఒకటి, రామగుండం ప్రాంతంలోని ఒక భూగర్భ గనిలో పని. ఇంట్లో భార్య, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు, ఎనిమిదో తరగతి కొడుకు, ఆయన తల్లి ఉంటారు. నివాసం కంపెనీ క్వార్టర్ కాబట్టి అద్దె బాధ లేదు. పీఎఫ్, పింఛను, పన్ను కోతలు పోగా నెలకు సుమారు 62,000 రూపాయలు ఖాతాలో పడేవి.

అప్పులు నాలుగు రకాలుగా ఉన్నాయి. బ్యాంకు పర్సనల్ లోన్ 4,80,000 మిగిలి ఉంది. దాని వడ్డీ పదకొండున్నర శాతం, నెలకు వాయిదా సుమారు 13,940, ఇంకా 42 వాయిదాలు కట్టాలి. చెల్లెలి పెళ్లి సమయంలో ఒక ప్రైవేటు షావుకారి వద్ద నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 1,20,000 రూపాయలు అలాగే ఉన్నాయి. నెలకు 3,600 చొప్పున 26 నెలలు వడ్డీ కట్టారు, అంటే 93,600 రూపాయలు చెల్లించినా అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. భార్య పుస్తెలతాడు, గాజులు బ్యాంకులో కుదువ పెట్టి తెచ్చిన 85,000 గోల్డ్ లోన్ గడువు నవంబరులో ముగుస్తుంది. చివరిది లక్ష రూపాయల చిట్టీ. దాన్ని ముందే పాడుకుని డబ్బు వాడుకున్నారు, ఇక నెలకు 5,000 చొప్పున ఎనిమిది నెలలు కట్టాలి. పాడుకున్న చిట్టీ మిగిలిన వాయిదాలను ఒకేసారి ముందుగా కట్టేసినా ఆ నిర్వాహకుడు ఒక్క రూపాయి తగ్గించనన్నాడు కాబట్టి బోనస్ డబ్బుతో దాని జోలికి పోవడంలో అర్థం లేదు.

మూడు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి 36 శాతం. ఈ మాట చెప్పినప్పుడు ఆయన కాసేపు నమ్మలేదు, ఎందుకంటే ‘మూడు’ అనే అంకె ‘పదకొండున్నర’ కంటే చిన్నదిగా వినిపిస్తుంది. నెలకూ సంవత్సరానికీ ఉన్న ఈ తేడా వల్ల బ్యాంకు అప్పునే పెద్ద భారంగా, షావుకారి అప్పును చిన్న ఇబ్బందిగా చూసే ఇళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి.

మొదటి సంవత్సరం నేను చెప్పినది

ఆ సంవత్సరం చేతికి వచ్చినది దసరాకు 1,72,000, దీపావళికి పన్ను కోత పోగా 82,000, మొత్తం 2,54,000. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చాలన్న సూత్రాన్ని అనుసరించి దసరా డబ్బులోంచి షావుకారి 1,20,000 పూర్తిగా కట్టించాను. దీపావళి డబ్బుతో గోల్డ్ లోన్ అసలు, వడ్డీ కలిపి 92,000 కట్టి నగలు విడిపించాలని చెప్పాను. పండుగకు 25,000 దాటవద్దన్నాను. మిగిలేది సుమారు 17,000, దాన్ని ఖాతాలో ఉంచుకోమన్నాను. అప్పుల వరకు ఈ పథకం పూర్తిగా అమలైంది. షావుకారి నోటు తిరిగి వచ్చింది, నగలు ఇంటికి వచ్చాయి.

అమలు కానిది పండుగ పరిమితి. షావుకారికి కట్టగా ఆ ఖాతాలో మిగిలిన 52,000 దసరా ముగిసేసరికి మొత్తం ఖర్చయింది. వివరం అడిగితే దాచకుండా చెప్పారు: ఇంటిల్లిపాదికీ, ఇద్దరు ఆడబిడ్డల కుటుంబాలకూ బట్టలు 21,000, మేక పొత్తు, విందు 9,000, సొంతూరు వెళ్లిరావడం, పెట్టుపోతలు 6,000, కూతురికి ఫోను 12,000, మిగిలిన 4,000 దేనికి పోయిందో ఇద్దరికీ తెలియదు. దీపావళి డబ్బుకు నగలు విడిపించడానికి 10,000 తక్కువైతే నవంబరు జీతం నుంచి కలిపారు. డిసెంబరులో అడిగితే చేతిలో నిల్వ ఏమీ లేదు.

అప్పుడు నేను దీన్ని క్రమశిక్షణ లోపంగా తీసుకున్నాను. ఈ రోజు అలా అనుకోవడం లేదు. 25,000 అనే అంకె నాది, వారిది కాదు. అంతకు ముందు సంవత్సరం పండుగకు ఎంత అయిందో అడగకుండా, మిగిలే సొమ్మును బట్టి నేను వెనక్కి లెక్కవేసి రాసిన అంకె అది. ఆడబిడ్డలకు బట్టలు పెట్టకుండా దసరా జరుపుకోమని ఒక తెలంగాణ ఇంటికి చెప్పే సలహా పాటించేది కాదని నాకు తెలిసి ఉండవలసింది. దానికి తోడు పండుగ డబ్బు, నిల్వ డబ్బు ఒకే ఖాతాలో, ఒకే ఏటీఎం కార్డు కింద ఉన్నాయి. ఖాతాలో 52,000 కనిపిస్తుంటే అందులో 25,000 మాత్రమే పండుగది అని ఎవరికీ గుర్తుండదు.

ఫిబ్రవరి రాత్రి

2025 ఫిబ్రవరిలో ఆయన తల్లి స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఏరియా ఆసుపత్రి వారు హైదరాబాదుకు రిఫర్ చేశారు. చికిత్స ఖర్చు కంపెనీ భరించింది. అయితే ఇద్దరు మనుషులు పన్నెండు రోజులు అక్కడ ఉండటం, భోజనాలు, ప్రయాణాలు, తిరిగి వచ్చాక ఇంట్లో కావలసిన మంచం, పనిమనిషి అన్నీ కలిపి 38,000 అయ్యాయి. సెలవులు అయిపోగా నాగాలు పడి ఆ నెల జీతంలో సుమారు 25,000 తగ్గింది. లోటు 63,000. ఆయన అదే షావుకారి దగ్గర, అదే మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చారు. జూన్‌లో కొడుకు బడి ఫీజుకు మరో 25,000 తోడైంది. సెప్టెంబరు నాటికి అసలు 85,000, అప్పటివరకు కట్టిన వడ్డీ 15,600.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరే విషయం. ఆ ఫిబ్రవరిలో నగలు ఇంట్లోనే ఉన్నాయి. బ్యాంకులో కుదువ పెడితే తొమ్మిది శాతానికి ఆ డబ్బు వచ్చేది. ఆ మార్గం ఉండగా 36 శాతానికి ఎందుకు వెళ్లారని అడిగాను. ఆయన చెప్పిన సమాధానాన్ని ఆయన మాటల్లోనే రాస్తున్నాను: “సార్, రాత్రి పదకొండింటికి బ్యాంకు తెరుస్తదా? షావుకారి తలుపు కొడితే తెరుస్తడు.” ఆమె చెప్పినది ఇంకొకటి: “మూడు నెలల కిందనే పుస్తెలతాడు ఇంటికి తెచ్చుకున్నం సార్. మళ్ల పోయి కుదువ పెట్టుమంటే నాకు మనసొప్పలే.”

అంటే ఆ ఇంటికి ఆ రాత్రి కావలసినది తక్కువ వడ్డీ కాదు, గంటలో చేతికి అందే 20,000 రూపాయలు. ఆ 20,000 ఇంట్లో ఉండి ఉంటే మర్నాడు తీరికగా బ్యాంకుకు వెళ్లే వీలుండేది. ఒకసారి షావుకారి తలుపు తెరుచుకున్నాక మిగిలిన 40,000 కూడా అక్కడి నుంచే తెచ్చారు, ఎందుకంటే అలవాటైన దారి సులువుగా ఉంటుంది. నేను 2,12,000 రూపాయల అప్పు తీర్పించి 20,000 నిల్వ లేకుండా చేశాను. వడ్డీ రేట్ల వరుస తెలిసిన సలహాదారు చేసే సాధారణమైన పొరపాటు ఇదే: అప్పును ఎంత ఖరీదైనదో చూస్తాడు గాని, అది మళ్లీ ఎందుకు పుడుతుందో చూడడు.

రెండో సంవత్సరం, 2025 సెప్టెంబరు

ఈసారి పరిస్థితి కొంత మారింది. చిట్టీ మే నెలతో ముగిసింది. పర్సనల్ లోన్ 3,61,900కు తగ్గింది, 30 వాయిదాలు మిగిలాయి. షావుకారి అప్పు 85,000. ఆగస్టులో కూతురికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. గని జీతం ఉన్న ఇంటికి ఆదాయ పరిమితి వల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు కాబట్టి మొదటి సంవత్సరానికి 90,000 రూపాయలు సొంతంగా కట్టాలి. దానికోసం పుస్తెలతాడు ఇంట్లోనే ఉంచి, గాజులతో పాటు పుట్టింటివారు పెట్టిన హారాన్ని బ్యాంకులో కుదువ పెట్టి లక్ష రూపాయలు తొమ్మిది శాతానికి తీసుకున్నారు. ఫీజు తేదీ ముందే తెలుసు, పగటిపూట పని, ఏ నగ పెట్టాలో ఆమె తానే నిర్ణయించుకున్నారు. ఫిబ్రవరిలో కాని పని ఆగస్టులో ఎంత తేలికగా అయిందో గమనించడం ఆ తరువాతి నిర్ణయానికి పనికి వచ్చింది.

రావలసిన డబ్బు విషయానికి వస్తే, లాభాల వాటా, పీఎల్ఆర్ రెండూ హాజరుపై, అంటే మస్టర్లపై ఆధారపడతాయి. తల్లి అనారోగ్యంలో పడిన నాగాలు 2024–25 సంవత్సరంలోవే కాబట్టి ఆయన వాటా ప్రకటించిన సగటు కంటే తక్కువగా 1,76,000 వచ్చింది, పీఎల్ఆర్ 96,000 వచ్చింది. ఒక ఆపద ఆ నెల జీతాన్ని, ఆరు నెలల తరువాత బోనస్‌ను కూడా కోస్తుందని ఈ ఉద్యోగాల్లో ఉన్నవారు గుర్తుంచుకోవాలి. పన్ను వైపు మాత్రం కొంత మేలు జరిగింది. 2025 ఏప్రిల్ నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 వరకు పన్ను లేకపోవడంతో, సుమారు 12,10,000 వార్షిక ఆదాయం ఉన్న ఈయనకు బోనస్‌లో పన్ను కోత పడలేదు. ఆ గీతకు దగ్గరలో ఉన్నవారు బోనస్ కలిపిన మొత్తాన్ని చూసుకోకపోతే మార్చి జీతంలో కోత పడి ఆశ్చర్యపోతారు.

మొత్తం 2,72,000. దీని మీద పోటీ పడుతున్నవి పండుగ, షావుకారి, గోల్డ్ లోన్, పర్సనల్ లోన్, వచ్చే ఆగస్టు ఫీజు, ఆపదకు నిల్వ. వీటితో పాటు ఆయన మనసులో ఒక కొత్త మోటారు సైకిలు కూడా ఉంది.

ముందు పండుగ అంకె

ఈసారి అన్నిటికంటే ముందు పండుగ ఖర్చును నిర్ణయించాము, అదీ వారి చేతనే రాయించాము. నేను 40,000 అన్నాను. ఆమె గత సంవత్సరపు వివరం ముందు పెట్టుకుని 55,000 కంటే తగ్గదని చెప్పారు. ఆమె మాటే నిలిచింది, ఫలితం కూడా ఆమెదే సరైనదని చూపింది. అందులో బట్టలు 20,000, విందు 10,000, ఊరి ప్రయాణం 6,000, పాత బండి ఇంజను మరమ్మతు 9,000, ఇద్దరూ ఎవరికీ లెక్క చెప్పనవసరం లేకుండా వాడుకోవడానికి చెరి 5,000. కొత్త బండి ఆలోచన ఆ 9,000 దగ్గర ఆగింది. లక్ష పైబడిన బండికి ఇప్పుడు 30,000 కట్టి మిగతాది వాయిదాలలో తీసుకుంటే నెలకు మరో మూడు, నాలుగు వేలు జీతం నుంచి పోతాయని, ఆ సొమ్మే కూతురి రెండో సంవత్సరం ఫీజుకు మూలమని ఆయనే గుర్తించారు.

ఖర్చు భాగాన్ని చివర మిగిలిన దానిగా కాక మొదట తీసి పెట్టడం చాలామంది సలహాదారులకు నచ్చదని తెలుసు. అయితే గని ప్రాంతంలో దసరా ఖర్చు జరిగి తీరుతుంది. ముందుగా పేరు పెట్టి పక్కన ఉంచకపోతే అది వేరే పద్దుల్లోకి చొరబడుతుంది, లేదా బట్టల దుకాణంలో ఉద్దెర ఖాతాగా మారుతుంది. “లాభాల వాటా వచ్చాక ఇయ్యండి” అని దసరాకు నెల ముందే సరుకు ఇచ్చే దుకాణాలకు ఇక్కడ కొదవ లేదు.

షావుకారి అప్పు

తరువాత 85,000 షావుకారి అప్పు. దీనిపై వడ్డీ సంవత్సరానికి 30,600. దీనికంటే నాలుగు రెట్లకు పైగా పెద్దదైన పర్సనల్ లోన్‌పై వడ్డీ సంవత్సరానికి 40,000కు కాస్త అటూ ఇటూ మాత్రమే, అదీ నెలనెలా తగ్గుతుంది. ఇక్కడ తటపటాయింపు అక్కరలేదు. సగం కట్టి సగం ఉంచే పద్ధతిని మాత్రం నేను వద్దన్నాను, ఎందుకంటే కొంత కట్టినా షావుకారి నోటు తిరిగి ఇవ్వడు, వడ్డీ మిగిలిన దానికి సాగుతుంది, మళ్లీ అవసరం వస్తే ఆ పాత నోటు మీదనే ఇంకొంత తీసుకోవడం చాలా సులువు. పూర్తిగా కట్టి ప్రామిసరీ నోటును, హామీగా సంతకం చేసి ఇచ్చిన రెండు చెక్కులను అక్కడే చేతిలోకి తీసుకోవాలని చెప్పాను. మొదట ఒక చెక్కు కనబడటం లేదన్నాడు. డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం ఆపాక దొరికింది.

బ్యాంకు పర్సనల్ లోన్‌పై టాప్ అప్ తీసుకుని షావుకారికి కట్టి, బోనస్‌ను వేరే పనికి ఉంచుకోవచ్చు కదా అన్న ప్రశ్నను కూడా పరిశీలించాము. చేతిలో డబ్బు లేని మార్చి నెలలో అయితే అది చాలా మంచి మార్గం, 36 శాతాన్ని పదకొండున్నరకు దించుతుంది. డబ్బు చేతిలో ఉన్న సెప్టెంబరులో దాని అవసరం లేదు.

నిల్వ ఎంత, ఎక్కడ

దసరా డబ్బులో 55,000, 85,000 పోగా 36,000 మిగిలింది, అది నిల్వకు వెళ్లింది. దీపావళి డబ్బు నుంచి 24,000 కలిపి 60,000 చేశాము. ఆరు నెలల ఖర్చు నిల్వ ఉండాలని సాధారణంగా చెబుతారు. ఈ ఇంటికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. ఉద్యోగం స్థిరమైనది, వైద్యం కంపెనీది, ఇల్లు కంపెనీది. ఈ ఇంటికి వచ్చే ఆపద నాగాల రూపంలో, ఆసుపత్రి చుట్టూ పడే చిల్లర ఖర్చుల రూపంలో వస్తుంది. దాని కొలత ఫిబ్రవరిలోనే తెలిసింది, 63,000. కాబట్టి సూత్రం నుంచి కాక, ఆ ఇంట్లో జరిగిన దాని నుంచే 60,000 అనే అంకె తీసుకున్నాము.

దాన్ని ఉంచే చోటు మొత్తం కంటే ముఖ్యమైనది. జీతం పడే ఖాతా కాకుండా, వేరే బ్యాంకులో ఆమె పేరు మీద పొదుపు ఖాతా తెరిచాము. ఫోనులో దానికి యూపీఐ పెట్టలేదు. ఏటీఎం కార్డు ఇంట్లో బీరువాలో ఉంటుంది, పిన్ ఇద్దరికీ తెలుసు. రాత్రి పదకొండింటికి కావాలంటే నడిచి వెళ్లి తీసుకోవచ్చు, పాన్ డబ్బా దగ్గర ఫోను చూపించి తీసుకోవడానికి వీలుండదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే మూడు, నాలుగు శాతం ఎక్కువ వస్తుంది కదా అని ఆయన అడిగారు. 60,000 మీద ఆ తేడా సంవత్సరానికి 2,500 లోపు. షావుకారి దగ్గర అదే 60,000కు ఒక నెల వడ్డీ 1,800.

మిగిలిన 72,000

దీపావళి డబ్బులో చివరికి 72,000 మిగిలింది. ఈ మొత్తం దగ్గరే అసలు చర్చ జరిగింది, రెండు సాయంత్రాలు పట్టింది.

ఆయన కోరిక పర్సనల్ లోన్‌లో కట్టేయడం, ఎందుకంటే అది పెద్ద అప్పు, నెలనెలా కనిపించే కోత. లెక్క వేసి చూపించాను. 72,000 ముందుగా కట్టి, వాయిదా మొత్తం మార్చకుండా కాలం తగ్గించుకుంటే 30 నెలల అప్పు 24 నెలలలోపు ముగుస్తుంది, వడ్డీలో సుమారు 21,000 ఆదా అవుతుంది. ఆయనది స్థిర వడ్డీ రుణం కావడంతో ముందుగా కట్టినదానిపై 3 శాతం, దానిపై జీఎస్టీ కలిపి సుమారు 2,550 రుసుము పోతుంది. అయినా 18,000 పైబడిన లాభం. అదే 72,000 గోల్డ్ లోన్‌లో కడితే సంవత్సరానికి ఆదా 6,480, రెండున్నరేళ్లకు 16,200. అంకెల్లో పర్సనల్ లోనే కాస్త మెరుగు.

అయినా నేను గోల్డ్ లోన్ వైపే చెప్పాను. కారణం, పర్సనల్ లోన్‌లో కట్టిన డబ్బు తిరిగి రాదు, వచ్చే రెండేళ్లపాటు నెల వాయిదా కూడా తగ్గదు. మధ్యలో 2026 ఆగస్టు ఫీజు వచ్చినప్పుడు ఆ ఇంటి చేతిలో ఉండేది ముందుగా కట్టినట్టు చెప్పే రసీదు మాత్రమే. గోల్డ్ లోన్‌లో కట్టిన డబ్బు అలా కాదు. అవసరమైతే అదే నగల మీద అదే బ్యాంకులో పూట తిరగకుండా మళ్లీ తీసుకోవచ్చు, ఆ లోపల తొమ్మిది శాతం వడ్డీ మిగులుతుంది. ఫీజు కోసం ఆరున్నర, ఏడు శాతానికి డిపాజిట్ చేసి, పక్కనే తొమ్మిది శాతానికి అప్పు మోయడం కంటే ఇది మేలు. ఈ మార్గానికి పరిమితులు ఉన్నాయి: బంగారం ధర బాగా పడితే మళ్లీ ఇచ్చే మొత్తం తగ్గుతుంది, ప్రతిసారి మదింపు రుసుము ఉంటుంది, నగ కుదువ పెట్టడానికి ఇంటి ఇల్లాలు నిజంగా ఇష్టపడాలి. మొదటి సంవత్సరం నేను లెక్కలోకి తీసుకోనిది ఈ చివరిదే. అందుకే ఈసారి ఆమెను విడిగా అడిగాను. హారం విషయంలో ఇబ్బంది లేదని, పుస్తెలతాడు మాత్రం ఎప్పటికీ పెట్టనని స్పష్టంగా చెప్పారు. ఆ ప్రకారమే 72,000 కట్టారు. పేరుకుపోయిన వడ్డీ పోను గోల్డ్ లోన్ సుమారు 30,000కు దిగింది.

నెల జీతంలో విడుదలైనది షావుకారి వడ్డీ 2,550, ముగిసిన చిట్టీ 5,000. జూన్ నుంచి చిట్టీ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతోందని తెలిసి, రెండూ కలిపి నవంబరు నుంచి నెలకు 7,500 రికరింగ్ డిపాజిట్‌గా ఆమె ఖాతాలో పెట్టించాను. ఆగస్టు వరకు పది వాయిదాలకు 75,000, వచ్చే ఫీజుకు దగ్గరగా వస్తుందని అంచనా.

అయిదు నెలల తరువాత

అంచనా అనుకున్నట్టు సాగలేదు. దీపావళి అయిన వారానికే ఆయన అన్నగారు 30,000 చేబదులు అడిగారు. బోనస్ వచ్చిన సంగతి ఊరంతా తెలిసిన రోజుల్లో ఈ అభ్యర్థన రాని ఇల్లు ఉండదు. డబ్బు తన పేరు మీద లేదని చెప్పి, తమకు లెక్క లేని సొమ్ములో మిగిలిన 5,000 తిరిగి అడగకుండా ఇచ్చారు. డిసెంబరు చివర ఆయనకు జ్వరం వచ్చి ఎనిమిది నాగాలు పడ్డాయి. నిల్వ నుంచి 14,000 తీశారు, షావుకారి దగ్గరకు వెళ్లలేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రికరింగ్ డిపాజిట్ ఆపి నెలకు 7,000 చొప్పున నిల్వను మళ్లీ 60,000కు తెచ్చారు. వాయిదా తప్పినందుకు బ్యాంకు వేసిన జరిమానా చాలా స్వల్పం. ఏది ముందు నింపాలో వారు నన్ను అడగలేదు, తామే నిర్ణయించుకున్నారు.

దీనివల్ల ఆగస్టుకు చేరేది ఎనిమిది వాయిదాల 60,000 మాత్రమే. ఫీజుకు 30,000 తక్కువవుతుంది, అది హారం మీద వస్తుంది. అప్పుడు గోల్డ్ లోన్ 60,000 దాటుతుంది కానీ గత సంవత్సరపు లక్షకు చేరదు. మూడో సంవత్సరం ఫీజు నాటికి పర్సనల్ లోన్ వాయిదాలు ఇంకా ఏడెనిమిది మిగిలి ఉంటాయి కాబట్టి 2027 ఆగస్టు ఇప్పటికీ బరువుగానే కనిపిస్తోంది. కొడుకు పదో తరగతి దాటి ఇంటర్‌లో చేరేదీ సరిగ్గా ఆ సంవత్సరమే.

మార్చిలో వారు మళ్లీ వచ్చినప్పుడు వచ్చే రెండేళ్ల రాకడ పోకడలను ఒక పెద్ద కాగితం మీద నెలల వారీగా రాశాము. 2026 దసరా గడి దగ్గరకు రాగానే ఆయన కనీసం లక్షన్నర వేద్దామన్నారు. లాభాల్లో ఎంత శాతం ఇవ్వాలన్నది ఏటా ప్రభుత్వం ప్రకటించేది, లాభమే ఎంత ఉంటుందో సంవత్సరం ముగిస్తే గాని తెలియనిది, జ్వరం నాగాలు కూడా ఈ సంవత్సరం మస్టర్లలోనే ఉన్నాయి. ఆమె పెన్సిలు తీసుకుని ఆ గడిలో అడ్డగీత గీశారు, మేము నవంబరు గడికి వెళ్లాము.